మార్పిడి పట్టిక వెంట పంపే చీటీ: కోలార్ గనులు

పాత పట్టికను కొత్త కొలతల్లోకి మార్చి పంపేటప్పుడు ఏది మార్చారో, ఏది ఊహించారో, ఏది ఖాళీగా వదిలారో తెలిపే పత్రమిది. 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపిన కోలార్ బంగారు గనుల లెక్కలకు ఇది తప్పనిసరి. ఖనిజంలో బంగారం పాళ్లను అప్పట్లో టన్నుకు ఇన్ని పెన్నీవెయిట్లని రాసేవారు. పెన్నీవెయిట్ అంటే 1.555 గ్రాములు, అందులో పేచీ లేదు. చిక్కంతా టన్నుతోనే. అది 2,240 పౌండ్లదైతే 10 పెన్నీవెయిట్లు మెట్రిక్ టన్నుకు 15.3 గ్రాములవుతాయి. 2,000 పౌండ్లదైతే 17.1. రెండూ నమ్మేలాగే కనిపిస్తాయి కాబట్టి చూపుకు తప్పు దొరకదు. అసలు కాగితం ఏ టన్నో చెప్పకపోతే, దేన్ని ఎంచుకున్నారో, ఎందుకో చీటీలో రాయాలి. పాత అంకెనూ పక్క గడిలో ఉంచితే, సంగతి తేలాక మళ్లీ లెక్కించుకోవచ్చు.

పాత పట్టికలో గీత ఉన్న గడిలో సున్నా వేయకూడదు. ఆ ఏడు బంగారం రాలేదో, లెక్కే అందలేదో గీత చెప్పదు. సున్నా వేస్తే సగటు ఊరికే పడిపోతుంది. ఆ గడిని ఖాళీగా వదిలి, ఏ వరుసో చీటీలో చూపాలి. జిల్లా పట్టికలకైతే మరొకటి: 2007లో కోలార్ జిల్లా నుంచి చిక్కబళ్లాపురం విడిపోయింది గనుక, పాత కోలార్ అంకెలను విడదీశారో లేదో కూడా రాయాలి.