హ్యాండ్-ఐ కాలిబ్రేషన్: పైనుంచి చూసే కెమెరా

కెమెరా గుర్తించిన చోటును రోబో చేయి తన పీఠం నుంచి కొలిచే చోటుగా మార్చాలంటే ఆ రెంటికీ మధ్యనున్న స్థిరమైన సంబంధం తెలియాలి. దాన్ని కనుక్కోవడమే హ్యాండ్-ఐ కాలిబ్రేషన్. కెమెరాను మణికట్టుకు బిగించే అమరిక ఒకటుంది. ఈ వ్యాసం కెమెరాను బల్లపైన స్టాండుకు బిగించే అమరికకే పరిమితం.

సమస్యను AX = XB రూపంలో పరిష్కరించిన తొలి రచయితలుగా సాధారణంగా షియు, అహ్మద్‌లను పేర్కొంటారు. ఏడాది 1987 అనీ 1989 అనీ రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది సదస్సు పత్రానిది, రెండోది జర్నల్ వ్యాసానిది కాబట్టి 1987నే తీసుకోవడం సబబు. ముందు భ్రమణాన్నీ, ఆ తరువాత స్థానాన్నీ తేల్చే సాయ్, లెంజ్‌ల పద్ధతి (1989) ఇప్పటికీ వాడుకలో ఉంది.

గ్రిప్పర్‌కు చదరంగపు గళ్ల పలకను కదలకుండా బిగించి, చేతిని రకరకాల భంగిమల్లో నిలిపి, ప్రతిచోటా ఒక ఫొటో తీస్తారు. A అంటే రెండు భంగిమల మధ్య పీఠం లెక్కలో చేయి కదిలిన తీరు. B అంటే అదే కదలిక కెమెరాకు కనిపించిన తీరు. X కెమెరా ఉన్న చోటు, తిరిగి ఉన్న దిశ. ఓపెన్‌సీవీలోని `calibrateHandEye` మణికట్టు కెమెరాను దృష్టిలో పెట్టుకుని రాసింది. అందువల్ల ఈ అమరికలో చేతి భంగిమలను తిరగేసి ఇవ్వాలి. మరిచిపోతే అది హెచ్చరించదు, తప్పు జవాబు మాత్రం ఇస్తుంది. సరిచూసుకునే దారి ఉంది: వచ్చిన X సాయంతో గ్రిప్పర్‌కు పలక ఎక్కడుందో ప్రతి భంగిమలోనూ లెక్కిస్తే, ఒకే జవాబు రావాలి.

భంగిమల ఎంపికే అసలు కీలకం. సమాంతరం కాని కనీసం రెండు అక్షాల చుట్టూ పలక తిరగాలి. నిలువు అక్షం చుట్టూ మాత్రమే తిరిగే స్కారా వంటి నాలుగు అక్షాల చేతులతో ఇది కుదరదు. ఎన్ని ఫొటోలు తీసినా కెమెరా ఎత్తు తేలదు. అలాంటప్పుడు గ్రిప్పర్ మొనను బల్లకు తాకించి ఎత్తును విడిగా కొలవాలి.

కెమెరా బల్లకు 1 మీటరు ఎత్తున ఉందనుకుందాం. దిశలో అర డిగ్రీ తప్పు బల్లమీద దాదాపు 9 మిల్లీమీటర్ల తేడా తెస్తుంది. కాలిబ్రేషన్ సరిగ్గా ఉన్నా మరో తేడా రావచ్చు. కెమెరాకు సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి 300 మిల్లీమీటర్ల దూరంలో 50 మిల్లీమీటర్ల ఎత్తున్న డబ్బా ఉందనుకుందాం. దాని పైభాగం బల్లమీదే ఉందని లెక్కకడితే చేయి దాదాపు 16 మిల్లీమీటర్లు బయటికి పోతుంది. దీనికి మళ్లీ కాలిబ్రేషన్ చేయడం వృథా, వస్తువు ఎత్తును లెక్కలో చేర్చాలి.

తేడా బల్లంతటా ఒకే దిశలో, ఒకే మోతాదులో ఉంటే ముందుగా గ్రిప్పర్ మొన కొలతను అనుమానించాలి. అంచులకు పోయేకొద్దీ పెరిగితే లెన్సు కాలిబ్రేషన్‌నో, పైన చెప్పిన ఎత్తు పొరపాటునో చూడాలి. నిన్న సరిగ్గా పట్టుకున్న చేయి ఇవాళ తప్పుతుంటే చాలాసార్లు కారణం స్టాండు కదలడమే. బల్ల మూలలో శాశ్వతంగా అతికించిన గుర్తును రోజూ పని మొదలుపెట్టే ముందు కెమెరాతో చూసి, పాత కొలతతో పోల్చితే అది వెంటనే బయటపడుతుంది.