బ్రెజిల్ లాభం ఎక్కడ కలిసిపోయింది?

వార్షిక నివేదికలోని ‘యాజమాన్య చర్చ, విశ్లేషణ’ భాగానికి బీజం 1968లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో పడింది. ఆదాయం ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గింది అన్నది అప్పటి ప్రశ్న. చాలా కంపెనీలు పట్టికలో ఉన్న శాతాలనే వాక్యాలుగా రాసి చేతులు దులుపుకొనేవి. 1980 నాటి నిబంధన అసలు మెలిక పెట్టింది: రేపటి ఫలితాలను మార్చగల ధోరణి ఏదైనా యాజమాన్యానికి ఇవాళే తెలిసి ఉంటే అదీ చెప్పాలి.

ఆ మెలిక పదునెంతో కేటర్‌పిల్లర్ కేసులో తేలింది. 1989లో కంపెనీ నికర లాభం 49.7 కోట్ల డాలర్లు. అందులో 23 శాతం, అంటే దాదాపు 11.4 కోట్లు, బ్రెజిల్ అనుబంధ సంస్థవే. అమ్మకాల్లో మాత్రం దాని వాటా 5 శాతమే! విపరీతమైన ద్రవ్యోల్బణం వేళ వచ్చిన కరెన్సీ లాభాలు, వడ్డీ, ఎగుమతి రాయితీలు, పాత నష్టాలపై పన్ను మినహాయింపు దాన్ని అంతగా పెంచాయి. ఇవన్నీ మొత్తం కంపెనీ లెక్కల్లో కలిసిపోయాయి. బ్రెజిల్‌లో కొత్త ప్రభుత్వం వస్తోందని, పరిస్థితి తారుమారు కావచ్చని 1990 ఆరంభంలో బోర్డు ముందు చర్చ జరిగింది. నివేదికలో ఆ ఊసే లేదు. జూన్‌లో లాభం తగ్గుతుందని ప్రకటించగానే షేరు పడిపోయింది. 1992లో ఎస్ఈసీ కంపెనీని తప్పుపట్టింది.

నివేదికలోని చర్చను నిజాయతీగా రాసి ఉంటే, ఎనలిస్టు దాన్ని ఇలా కుదించేవాడు. పనితీరుకు కారణం: లాభంలో దాదాపు నాలుగో వంతు బ్రెజిల్‌ది, అందులో చాలావరకు యంత్రాలు అమ్మితే వచ్చింది కాదు. రిస్కు: ద్రవ్యోల్బణాన్ని అదుపు చేస్తే ఆ రాబడి ఎండిపోతుంది. ‘కొన్ని దేశాల్లో రాజకీయ అనిశ్చితి’ అని రాస్తే ఏ కంపెనీకైనా సరిపోతుంది, కాబట్టి అది పనికిరాదు. ముందుచూపు: ఈ లాభం వచ్చే ఏడాది వస్తుందన్న హామీ లేదు, అంచనాలో దాన్ని విడిగా చూపాలి.

మన దేశంలో ఈ భాగం 2000లో లిస్టింగ్ ఒప్పందంలోని క్లాజ్ 49తో తప్పనిసరి అయింది. అబద్ధాన్ని మాత్రం అదీ ఆపలేదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్తుత్తివని బయటపడ్డాక, అంతకుముందరి చర్చల సారాంశాలన్నీ చిత్తుకాగితాలయ్యాయి. సెబీ 2018 సవరణ మాత్రం ఎనలిస్టుకు ఒక కొక్కెం ఇచ్చింది: కీలక నిష్పత్తులు 25 శాతం, ఆపైన మారితే కారణం రాయాలి. బాకీల వసూలు అంతగా మందగించినా ‘పరిశ్రమ పరిస్థితుల వల్ల’ అని ఒక్క ముక్కతో సరిపెడితే, ఆ వాక్యం పనితీరు కారణాల్లోకి ఎక్కదు. రిస్కుల కిందకు పోతుంది, ఏ కస్టమరు ఎన్నాళ్లుగా చెల్లించలేదన్న ప్రశ్నతో పాటు.