వక్రరేఖ నుంచి ఒక్క అంకెకు: ఆదాయ అసమానతల కొలమానాల చరిత్ర, పరిమితులు

ఆదాయ అసమానత గురించి రాసేవారు సాధారణంగా ఒక అంకెను ఉదాహరిస్తారు. అది 0.3 అయితే మేలనీ, 0.5 దాటితే ప్రమాదమనీ వ్యాఖ్యానిస్తారు. జిని గుణకంగా పేరొందిన ఈ అంకె వెనుక ఒక వక్రరేఖ, దాని వెనుక ఒక గణాంక సేకరణ ఉన్నాయి. సేకరణ నుంచి రేఖకు, రేఖ నుంచి అంకెకు వచ్చే క్రమంలో ఏ సమాచారం జారిపోయిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

లోరెంజ్ రేఖ

1905లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మాక్స్ ఓ. లోరెంజ్, సంపద కేంద్రీకరణను కొలిచే పద్ధతులపై ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి, నిర్ణీత ఆదాయ శ్రేణుల్లో ఎందరున్నారో లెక్కించడం. దేశం మొత్తంగా సంపన్నమైతే జనం పై శ్రేణులకు జరుగుతారు. అంతమాత్రాన పంపకం మారినట్లు కాదు. ఈ చిక్కును తొలగించడానికి లోరెంజ్ డబ్బు మొత్తాలను వదిలి వాటాలను తీసుకున్నాడు. జనాన్ని అతి పేద నుంచి అతి ధనిక వరకు వరుసలో నిలిపి, అడుగునున్న ఇంత శాతం మందికి మొత్తంలో ఎంత శాతం దక్కిందో కూడుకుంటూ పోతే ఒక రేఖ వస్తుంది. అందరికీ సమానంగా దక్కితే అది సరళరేఖ. పంపకం ఎంత అసమానమైతే రేఖ అంతగా విల్లులా వంగుతుంది.

రెండు సమాజాల రేఖలను పక్కపక్కన గీసినప్పుడు ఒకటి ఆద్యంతం సమానత్వ రేఖకు దగ్గరగా ఉంటే తీర్పు సులభం. అవి మధ్యలో ఒకదాన్నొకటి ఖండించుకుంటే మాత్రం రేఖ తీర్పు చెప్పదు. ఈ మౌనాన్ని రేఖ నిజాయితీగా భావించవచ్చు.

జిని గుణకం

ఆ మౌనాన్ని ఛేదించే సాధనం ఇటలీ నుంచి వచ్చింది. కొరాడో జిని 1912, 1914 సంవత్సరాల్లో వెలువరించిన రచనల్లో కేంద్రీకరణను ఒక నిష్పత్తిగా నిర్వచించాడు. సమానత్వ రేఖకూ వక్రరేఖకూ మధ్యనున్న వైశాల్యాన్ని, సమానత్వ రేఖ కింది మొత్తం వైశాల్యంతో భాగిస్తే ఆ నిష్పత్తి వస్తుంది. సంపూర్ణ సమానత్వానికి సున్నా. అంతా ఒక్కరి చేతిలో ఉంటే విలువ ఒకటికి చేరువవుతుంది. ఇప్పుడు ఏ రెండు సమాజాలనైనా పోల్చవచ్చు. ఈ సౌలభ్యానికి చెల్లించిన మూల్యం ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది.

ఐదేసి కుటుంబాలున్న రెండు ఊళ్లను ఊహించుకుందాం. రెండింటిలోనూ నెలకు మొత్తం ఆదాయం లక్ష రూపాయలు. మొదటి ఊరిలో ఆదాయాలు వేలల్లో వరుసగా 4, 12, 22, 24, 38. రెండో ఊరిలో నాలుగు కుటుంబాలకు తలా 12, ఐదో కుటుంబానికి 52. మొదటి ఊరి సంచిత వాటాలు 4, 16, 38, 62, 100 శాతం. రెండో ఊరివి 12, 24, 36, 48, 100 శాతం. చివరి వందను వదిలి కూడితే రెండింటికీ 120 వస్తుంది. వక్రరేఖ కింది వైశాల్యం ఈ కూడికపైనే ఆధారపడుతుంది కనుక రెండు ఊళ్లకూ జిని గుణకం ఒక్కటే: 0.32.

కానీ ఈ ఊళ్ల సమస్య ఒక్కటి కాదు. మొదటి ఊరిలో అట్టడుగు కుటుంబం నాలుగు వేలతో నెల గడపాలి. రెండో ఊరిలో అంతటి దారిద్ర్యం లేదు. అక్కడ సగానికి పైగా ఆదాయం ఒకే ఇంటికి చేరింది. మొదటి ఊరికి కావలసింది అడుగున ఉన్నవారికి ఆసరా, రెండో ఊరిలో చూడవలసింది శిఖరాన. గుణకం ఈ తేడాను చెరిపివేసింది.

ఆట్కిన్సన్ ప్రశ్న

బ్రిటిష్ ఆర్థికవేత్త ఆంథొనీ ఆట్కిన్సన్ 1970లో ఈ సమస్యను సూటిగా ఎదుర్కొన్నాడు. పన్నెండు దేశాల గణాంకాలను జంటలుగా పోలిస్తే వచ్చే 66 జంటల్లో 50 జంటల రేఖలు ఖండించుకున్నాయని చూపాడు. అంటే రేఖలు ఖండించుకోవడం అరుదైన వింత కాదు. అటువంటి చోట ఏ సూచికైనా తీర్పు ఇచ్చిందంటే, సమాజంలో ఎవరి లోటుకు ఎంత బరువు ఇవ్వాలన్న విలువల నిర్ణయం అందులో దాగి ఉందన్నమాట. ఆ నిర్ణయాన్ని దాచకుండా బయటపెట్టాలని ఆయన వాదం. అందుకే ఆయన సూచికలో అసమానత పట్ల విముఖత ఎంతో పరిశోధకుడే ముందుగా ప్రకటించాలి.

మన రెండు ఊళ్లకు దాన్ని వర్తింపజేద్దాం. విముఖత 0.5 అనుకుంటే సూచిక మొదటి ఊరికి 0.10, రెండో ఊరికి 0.11. రెండో ఊరే కాస్త అసమానం. విముఖత 2కు పెంచి పేదల లోటుకు ఎక్కువ బరువిస్తే మొదటి ఊరికి 0.44, రెండో ఊరికి 0.29. తీర్పు తలకిందులైంది. ఆదాయాలు మారలేదు, మారింది మన విలువలే. జిని గుణకంలోనూ ఇటువంటి బరువులున్నాయి, కాకపోతే వాటిని ఎవరూ ప్రకటించరు.

భారతదేశంలో: ఏది కొలుస్తున్నాం?

రేఖ ఆకారం ఎంత ముఖ్యమో, ఏ వస్తువుపై దాన్ని గీశారన్నదీ అంతే ముఖ్యం. 1950లో మొదలైన మన జాతీయ నమూనా సర్వే సంప్రదాయం ప్రధానంగా కుటుంబ వినియోగ వ్యయంపై ఆధారపడింది. వ్యవసాయదారుల, చిరు వ్యాపారుల ఆదాయం నెలనెలా మారుతుంది, చాలావరకు లెక్కల్లో ఉండదు. ఖర్చును అడిగి రాబట్టడం కొంత సులభం. ఆ వ్యయం ఆధారంగా గ్రామీణ జిని గుణకం 2011-12లో 0.283 ఉండగా 2022-23లో 0.266కు, పట్టణ గుణకం 0.363 నుంచి 0.314కు తగ్గాయి.

అసమానత తగ్గిందని ఇక్కడే నిర్ధారించడం తొందరపాటు. పేద కుటుంబం వచ్చినదంతా ఖర్చు చేస్తుంది. ధనిక కుటుంబం అధిక భాగం పొదుపు చేస్తుంది. అందువల్ల వ్యయ రేఖ ఆదాయ రేఖ కంటే సాధారణంగా తక్కువ వంగి కనిపిస్తుంది. ఆదాయాన్ని నేరుగా అడిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో 2011-12 గుణకం 0.5 దాటింది. పైగా అతి సంపన్నులు సర్వేలకు అరుదుగా చిక్కుతారు. 2022-23 సర్వేలో ప్రశ్నావళిని విభజించి ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లే పద్ధతి ప్రవేశించింది కనుక పాత అంకెతో పోలికకూ జాగ్రత్త అవసరం.

ఇంకొక లోపం నిర్మాణంలోనే ఉంది. కుటుంబ వ్యయాన్ని సభ్యుల సంఖ్యతో భాగించి తలసరి లెక్క వేస్తారు. ఒకే ఇంట్లో భార్యకూ భర్తకూ, కొడుకుకూ కూతురికీ సమానంగా దక్కిందని ముందే ఒప్పుకున్నట్లే. ఇంటి లోపలి అసమానత రేఖలోకి రానేరాదు. అలాగే ఇద్దరు వ్యక్తుల ఆదాయాలు పరస్పరం మారినా రేఖ మారదు. అట్టడుగున తరతరాలుగా ఒకే కులం వారు ఉన్నారా, ఏటా వేర్వేరు మనుషులు అక్కడికి జారుతున్నారా అనే ప్రశ్నకు దాని వద్ద సమాధానం లేదు.

ముగింపు

మన సర్వే వ్యవస్థను తీర్చిదిద్దిన పి.సి. మహలనోబిస్ 1960లో ప్రతిపాదించిన ఒక చిత్రణ పద్ధతి ఇక్కడ గుర్తుచేసుకోదగింది. జనాన్ని సమాన సంఖ్య గల వర్గాలుగా విడగొట్టి ఒక్కో వర్గం సగటును గీయడం, ఒకే సర్వేలోని రెండు స్వతంత్ర ఉపనమూనాలకు రెండు రేఖలు విడివిడిగా చూపడం ఆ పద్ధతి. ఆ రెండు రేఖల ఎడం సర్వేలోని పొరపాటు ఎంతో కంటికి చూపుతుంది. అందులో ఆకారమూ మిగులుతుంది, అనిశ్చితీ దాగదు.

జిని గుణకాన్ని విడిచిపెట్టనక్కరలేదు. అయితే దాన్ని ఉదాహరించే పరిశోధకుడు మూడు విషయాలు జతచేయాలి: అది ఆదాయానిదా వ్యయానిదా, పోల్చిన రేఖలు ఖండించుకున్నాయా, కొలత ప్రమాణం వ్యక్తా కుటుంబమా. ఇవి లేని అంకె మన రెండు ఊళ్లను ఒక్కటిగా చూపిన 0.32 వంటిదే.