షంట్‌ను సతాయించిన రాగి

ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. గాల్వనోమీటర్‌కు శ్రేణిలో పెద్ద నిరోధం కలిపితే వోల్ట్‌మీటర్, సమాంతరంగా చిన్న నిరోధం కలిపితే అమ్మీటర్. కాగితం మీద రెండూ ఒకే కష్టం. పనిలో మాత్రం రెండోది చాలాకాలం ఏడిపించింది.

1820లో కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం ఓయర్‌స్టెడ్ చూపాడు. తీగను చుట్లుచుట్లుగా తిప్పితే ఆ కదలిక పెరుగుతుందని అదే ఏడాది ష్వైగర్ కనిపెట్టాడు. ఆ తర్వాత టెలిగ్రాఫ్ ప్రయోగశాలల్లో షంట్ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. గాల్వనోమీటర్ నిరోధంలో 9వ వంతు, 99వ వంతు, 999వ వంతు నిరోధాలు వాటిలో ఉండేవి. మీటరులోకి పోయే కరెంటు పదో వంతుకో, నూరో వంతుకో, వెయ్యో వంతుకో తగ్గేది. 1882లో డెప్రే, దార్సోన్వాల్ ఏర్పాటును తిరగేశారు. అయస్కాంతం కదలదు, చుట్టే కదులుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం బెడద చాలావరకు తీరింది, కానీ ఆ చుట్ట రాగిది.

చిక్కంతా అక్కడే. 100 ఓమ్‌ల చుట్ట, 1 మిల్లీఆంపియర్‌కు ముల్లు చివరిదాకా వెళ్తుంది అనుకుందాం. 10 వోల్టుల వోల్ట్‌మీటర్ కావాలంటే 9,900 ఓమ్‌లు శ్రేణిలో కలపాలి. 1 ఆంపియర్ అమ్మీటర్‌కు షంట్ 0.1001 ఓమ్. ఇవి 20 డిగ్రీల దగ్గర లెక్కలు. మన వేసవిలో గది 40కి చేరితే రాగి నిరోధం దాదాపు 8 శాతం పెరిగి చుట్ట 108 ఓమ్‌లవుతుంది. వోల్ట్‌మీటర్‌కు పది వేలలో ఎనిమిది ఓమ్‌లు లెక్కే కాదు. అమ్మీటర్‌లో మాత్రం కరెంటు షంట్ వైపు ఇంకాస్త ఒరుగుతుంది. అసలు 1 ఆంపియర్ పారుతుంటే ముల్లు 0.93 దగ్గరే ఆగిపోతుంది.

దీనికి విరుగుడు అమెరికాలో స్థిరపడ్డ ఇంగ్లిషువాడు ఎడ్వర్డ్ వెస్టన్ పనిలో దొరికింది. రాగి, మాంగనీసు, నికెల్ కలిపిన మాంగనిన్ అనే మిశ్రమలోహం నిరోధం వేడికి దాదాపు మారదు. షంట్‌ను దానితో చేస్తే సగం పని అయినట్టే. మిగతా సగానికి చుట్టతో శ్రేణిలో 300 ఓమ్‌ల మాంగనిన్ కలపాలి. దారి మొత్తం 400 ఓమ్‌లవుతుంది, అందులో పెరిగేది 8 మాత్రమే. ఇప్పుడు ముల్లు 0.98 చూపుతుంది. ఇదేమీ ఉచితం కాదు: షంట్ 0.4004 ఓమ్‌కు పెరగాలి, కొలిచే సర్క్యూట్లో నాలుగు రెట్లు వోల్టేజీ పోతుంది.

ఇంకో దొంగ మర దగ్గర దాక్కుంటాడు. మొదటి షంట్ 0.1 ఓమ్ కదా, మర వదులై 0.01 ఓమ్ తోడైతే పది శాతం తప్పు. అందుకే పెద్ద షంట్‌లకు నాలుగు మరలుంటాయి: లావువి కరెంటుకు, సన్నవి మీటరుకు. సన్న తీగ ఊడితే ముల్లు సున్నాకు పడిపోతుంది, అంతే. మీటరు తీగలు ఉండగా సర్క్యూట్లోంచి షంటే ఊడితే కరెంటంతా చుట్టలోకే పోయి, అది కాలిపోతుంది. కరెంటు ఆపకుండా షంట్‌ను ముట్టుకోకండి.