బిల్లు ఫోటో పెడితే చాట్‌బాట్ నిజంగా చదువుతుందా? పిన్‌కోడ్ యంత్రం నుంచి ఇప్పటిదాకా

కిరాణా చిట్టీనో, ఫ్రెండ్ రాసిన క్లాస్ నోట్స్‌నో ఫోటో తీసి చాట్‌బాట్‌కి పెట్టి, "ఇందులో ఏముంది, టోటల్ ఎంత" అని అడగడం మనకి ఇప్పుడు మామూలైపోయింది. అయితే యంత్రం చేతిరాత చదవడం నిన్నో మొన్నో మొదలైంది కాదు. ముప్పై అయిదేళ్ల కిందటే బాగా చదివే యంత్రాలు ఉన్నాయి. వాటికి ఒక మంచి అలవాటు ఉండేది. అర్థం కాకపోతే "ఇది నా వల్ల కాదు" అని పక్కన పెట్టేసేవి. ఆ అలవాటు ఎలా వచ్చింది, ఎక్కడ పోయింది అన్నదే ఇవాళ్టి కథ.

1989 దగ్గర మొదలుపెడదాం. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ. అక్కడ యాన్ లెకున్, ఆయన టీమ్, ఉత్తరాల కవర్ల మీద జనం చేత్తో రాసిన పిన్‌కోడ్ అంకెల్ని కంప్యూటర్‌తో చదివించే పనిలో ఉన్నారు. అక్కడ దాన్ని జిప్ కోడ్ అంటారు. అంకెలు బఫెలో నగరం పోస్టాఫీసుకి వచ్చిన నిజమైన ఉత్తరాలవే. ఒక్కో అంకెని 16 అడ్డం, 16 నిలువు చుక్కల బొమ్మగా కుదించి ఇచ్చేవాళ్లు. బయటికి పది మార్కులు వచ్చేవి, సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకెకీ ఒక్కో మార్కు. ఎక్కువ మార్కు ఎవరికొస్తే అదే అంకె.

ఇక్కడే అసలు తెలివి ఉంది, చూడండి. మొదటి మార్కుకీ రెండో మార్కుకీ తేడా బాగా తక్కువైతే, అంటే 1 కావచ్చు, 7 కూడా కావచ్చు అన్నట్టుంటే, యంత్రం జవాబే ఇచ్చేది కాదు. 1990లో వాళ్లు ప్రకటించిన లెక్క ప్రకారం నూటికి దాదాపు 9 అంకెల్ని ఇలా పక్కన పెడితే, మిగిలిన వాటిలో తప్పు నూటికి 1కి తగ్గింది. పక్కన పెట్టినవి మనుషులు చూడాల్సిందే. అమెరికా తపాలా శాఖ కూడా 1990లలో ఇందుకోసం యాభైకి పైగా కేంద్రాలు నడిపింది. యంత్రం చదవలేని కవర్ బొమ్మ అక్కడి స్క్రీన్ మీదకి వస్తే, ఒక మనిషి చూసి టైప్ చేసేవారు.

తర్వాత ఇదే పద్ధతి బ్యాంకు చెక్కులకి వెళ్లింది. 1998లో లెకున్ వాళ్లు రాసిన పేపర్‌లో వ్యాపార చెక్కుల లెక్క ఉంది: 82 శాతం సరిగ్గా చదివింది, 17 శాతం వదిలేసింది, తప్పు 1 శాతం. వదిలేసినవి 17 ఉన్నా బ్యాంకు వాళ్లకి పర్లేదు. క్లర్క్ చూసుకుంటారు. తప్పు చదివిన చెక్కు మాత్రం ఎవరికీ తెలియకుండా వెళ్లిపోతుంది, అదీ భయం.

సరే, ఇప్పుడు 2013కి వద్దాం. మనం ఫోటోకాపీకి పేరుగా వాడేసుకుంటున్నామే, ఆ జెరాక్స్ కంపెనీ మెషీన్ల కథ ఇది. జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తకి ఒక ఇంటి ప్లాన్ స్కాన్‌లో వింత కనబడింది. కాగితం మీద మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడు గదులూ 14.13 అయిపోయాయి! అక్షరాలేమీ మసకగా లేవు, చక్కగా ప్రింట్ చేసినట్టే ఉన్నాయి. కారణం ఏంటంటే, ఫైల్ సైజు తగ్గించడానికి ఆ మెషీన్ ఒకేలా కనబడే ముక్కల్ని వెతికి, ఒకదాన్నే అన్నిచోట్లా అతికించేది. కొన్ని పేజీల్లో 6 కాస్తా 8 అయింది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. నాకు ఇందులో భయం వేసేది ఒకటే. పాత ఫ్యాక్స్ పాడైతే మసకగా వచ్చేది, చూస్తేనే డౌట్ వచ్చేది. ఇది నీట్‌గా వచ్చిన తప్పు.

చాట్‌బాట్ తప్పు ఈ రెండో రకం. చాట్‌జీపీటీ వాడేవాళ్లకి ఫోటో పెట్టే సౌకర్యం 2023 సెప్టెంబర్‌లో రావడం మొదలైంది. ఇలాంటివి పనిచేసే తీరు మామూలుగా ఇలా ఉంటుంది. ముందు మీ ఫోటోని కుదిస్తారు. మీ ఫోన్ ఫోటో 4000 చుక్కల పొడవుంటే, అది 1500కి దిగిందనుకోండి. 40 చుక్కల ఎత్తున్న అంకె 15 అవుతుంది. పొడుగాటి బిల్లు మొత్తం ఒకే ఫోటోలో తీస్తే ఇంకా తగ్గిపోతుంది. తర్వాత బొమ్మని చిన్న చిన్న చదరాలుగా కోసి, వాటిని అంకెల వరుసలుగా మారుస్తారు. ఆ పైన భాషా మోడల్ ఒక్కో ముక్కా జవాబు రాస్తూ పోతుంది. రాసేటప్పుడు బొమ్మని మాత్రమే చూడదు, "ఇలాంటి చోట మామూలుగా ఏముంటుంది" అన్నది కూడా చూస్తుంది. గజిబిజి రాత చదవడానికి అదే దాని బలం. దెబ్బ కొట్టేది కూడా అదే.

నేనొక చిన్న పరీక్ష చేశాను. చేత్తో చిట్టీ రాశాను: కందిపప్పు 310, పల్లీలు 170, నూనె 435, చింతపండు 75. కూడితే 990. కింద మాత్రం కావాలనే 1090 అని రాశాను. షాపులో వంద ఎక్కువ వేశారేమో చూడమని అడిగినట్టు, ఫోటో పెట్టి లెక్క సరిచూడమన్నాను. జవాబు: పల్లీలు 270, మొత్తం 1090, లెక్క కరెక్ట్. చూశారా? నేను పట్టుకోమన్న తప్పునే అది సర్దేసింది. టోటల్‌కి కుదిరేలా పైన అంకె మారింది.

నిజంగా ఆ 1 కనబడలేదేమో అని, కాగితం కింది భాగం మడిచి, టోటల్ లేకుండా మళ్లీ ఫోటో తీశాను. ఈసారి 170 అనే చదివింది. అంటే రాత చదవదగ్గదే. ఇంకోటి, "170 ఆ, 270 ఆ?" అని అడిగితే క్షమాపణ చెప్పి 170 అంది. "కాదేమో, 2లా ఉంది" అంటే మళ్లీ 270కి వెళ్లిపోయింది. అందుకే "ఖచ్చితమేనా" అని దాన్నే అడగడం వల్ల పెద్దగా తేలేది ఉండదు. పాత యంత్రంలో మార్కుల మధ్య తేడా ఒక కొలత. ఇక్కడ వచ్చేది ఇంకో వాక్యం, అంతే. అర్థం కాని చోట ప్రశ్న గుర్తు పెట్టమని చెప్తే కొంత మేలు, కానీ పెట్టాల్సిన ప్రతిచోటా పెడుతుందని అనుకోవద్దు.

కాబట్టి డబ్బు లెక్కయితే నేను చేసేది ఇది. బిల్లుని నాలుగైదు లైన్ల చొప్పున దగ్గర నుంచి తీస్తాను. టోటల్ ఫ్రేమ్‌లోకి రానివ్వను. కూడమని అడగను, ఒక్కో లైన్ ఉన్నది ఉన్నట్టు రాయమంటాను. కూడిక క్యాలిక్యులేటర్‌లో నేనే చేసి, కాగితం మీది టోటల్‌తో పోలుస్తాను. కలవకపోతే కాగితం చూస్తాను. మన చిట్టీల్లో అంకె తర్వాత పెట్టే ఆ ఏటవాలు గీత కూడా ఒక కంట కనిపెట్టండి, 75 పక్కన అది 1 అయి 751 అయిపోవచ్చు.

మందుల చీటీకి మాత్రం ఈ కిటుకు పనిచేయదు. బిల్లుకి కింద టోటల్ ఉంటుంది, తప్పు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మందు పేరుకి అలాంటి సరిచూపు లేదు. ఊహించినా మార్కెట్లో నిజంగా ఉన్న మందు పేరే ఊహిస్తుంది, స్పెల్లింగ్ కూడా తప్పు పోదు. రాత అర్థం కాకపోతే మంచి మెడికల్ షాపు ఆయన ఏం చేస్తాడు? చీటీ వెనక్కిచ్చి, డాక్టర్‌కి ఒకసారి ఫోన్ చేయించండి అంటాడు.