‘కు’ ప్రత్యయం: షష్ఠీ విభక్తికీ ఇంగ్లీషు ‘టు’కూ నడుమ

ప్రవేశిక

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి ‘కొఱకు, కై’ ప్రత్యయాలను చతుర్థిలో ఉంచి, ‘కు, కి’లను ‘యొక్క, లో, లోపల’లతో కలిపి షష్ఠిలో చేర్చాడు. అంతకు ముందే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు రాసిన ఎ. డి. కాంబెల్ (1816), సి. పి. బ్రౌన్ (1840) మాత్రం ‘కు’ను డేటివ్‌గా, అంటే చతుర్థిగా చూపారు. తమిళంలో తొల్కాప్పియం కూడా ‘కు’ను నాలుగవ విభక్తిగానే చెప్పింది. ఒకే ప్రత్యయానికి రెండు స్థానాలు ఎందుకు ఏర్పడ్డాయో పరిశీలిస్తే, ఇంగ్లీషు ప్రిపొజిషన్లు చేసే పనిని తెలుగు విభక్తులు ఏ తీరుగా చేస్తాయో స్పష్టమవుతుంది.

షష్ఠిలో ‘కు’

సూరి అమరికను కేవలం పొరపాటుగా కొట్టివేయడానికి వీలులేదు. ‘రామునికి ఇద్దరు కొడుకులు’ అన్న వాక్యంలోని సంబంధాన్ని సంస్కృతం ‘రామస్య’ అని షష్ఠితో చెబుతుంది. ‘గ్రామానికి ఉత్తరాన’ అన్నది ‘గ్రామస్య ఉత్తరతః’ అవుతుంది. ‘పండ్లలో మామిడి మేలు’ వంటి చోట ఒక సముదాయం నుంచి ఒకదానిని వేరుచేసి చెప్పడానికి సంస్కృతంలో నిర్ధారణ షష్ఠి వస్తుంది. కాబట్టి ‘కు’, ‘లో’ రెండూ షష్ఠిలో చేరడానికి అర్థపరమైన ఆధారం ఉంది. అయితే ‘రామునికి పుస్తకం ఇచ్చాడు’ అన్నప్పుడు సంస్కృతంలో ‘రామాయ’ అనే చతుర్థి రావాలి. సంస్కృతం రెండు విభక్తులకు పంచిన పనిని తెలుగు ఒకే ప్రత్యయంతో నిర్వహిస్తున్నది. ఏడు గడుల పట్టికలో దానికి ఒక్క గడినే కేటాయిస్తే రెండవ పని మరుగున పడుతుంది.

‘టు’తో పోలిక

ఇంగ్లీషు చట్రంలోనూ ఇదే ఇబ్బంది మరొక రూపంలో ఎదురవుతుంది. ‘హైదరాబాదుకు వెళ్లాడు’ అన్నచోట ‘కు’ స్థానంలో ‘టు’ వస్తుంది. ‘ఐదు గంటలకు బయలుదేరాడు’ అంటే ‘అట్’, ‘చదువుకు డబ్బు దాచాడు’ అంటే ‘ఫర్’, ‘ఊరికి ఉత్తరాన’ అంటే ‘ఆఫ్’ కావాలి. ‘నాకు ఆకలిగా ఉంది’ అన్న వాక్యానికి ఇంగ్లీషులో ప్రిపొజిషనే ఉండదు. ఆకలిగొన్న వ్యక్తి అక్కడ కర్త అవుతాడు. ఎదురు దిశలో చూసినా సమానత నిలవదు. ఇంగ్లీషువారు ‘స్నేహితుడితో మాట్లాడాడు’ అన్న భావానికి ‘టు’ వాడగలరు. తెలుగులో అక్కడ ‘తో’ తప్పనిసరి. ‘పాట విన్నాడు’ అన్నచోట ఇంగ్లీషు ‘టు’ను కోరుతుంది, తెలుగు ఏ ప్రత్యయాన్నీ కోరదు. విద్యార్థుల అనువాదాలలో ‘స్నేహితుడికి మాట్లాడాడు’ వంటి రూపాలు కనిపిస్తే, ‘టు’ అంటే ‘కు’ అని కంఠస్థం చేసిన పట్టికే అందుకు కారణమని గుర్తించవచ్చు.

ప్రత్యయం చేరే విధానం

ఇంగ్లీషు ప్రిపొజిషన్ నామానికి ముందు విడిగా నిలుస్తుంది, నామరూపం మారదు. తెలుగులో ప్రత్యయానికి ముందు నామాంగమే మారవచ్చు. ఇల్లు ‘ఇంటి’ అయిన తరువాతనే ‘ఇంటికి’ ఏర్పడుతుంది. చెయ్యి ‘చేతికి’, కన్ను ‘కంటికి’ అవుతాయి. ఇటువంటి నామాలను సూరి ఔపవిభక్తికాలన్నాడు. ప్రాచీన ఇంగ్లీషులోనూ రాయి అనే అర్థంగల ‘స్టాన్’కు ‘స్టానె’ అనే చతుర్థీ రూపం ఉండేది. ఆ అంత్యరూపాలు మధ్యయుగంలో క్షీణించే కొద్దీ, వాటి పనిలో అధికభాగం ప్రిపొజిషన్ల మీదా పదక్రమం మీదా పడింది.

తెలుగు ప్రత్యయాలు ఒకదానిపై ఒకటి చేరడం మరొక ముఖ్యలక్షణం. ‘గదిలో ఉన్నాడు’ స్థితిని, ‘గదిలోకి వెళ్లాడు’ గమనాన్ని తెలుపుతాయి. స్థలాన్ని చెప్పే ‘లో’కు దిశను చెప్పే ‘కి’ తోడైంది. ‘బల్ల కింద’ అన్నది ‘బల్ల కింద నుంచి’, ‘బల్ల కిందికి’ అని విస్తరిస్తుంది. ‘క్రిందు’ ఒకప్పటి నామమే కనుక అది మరొక ప్రత్యయాన్ని గ్రహించగలదు. ఇంగ్లీషులో ‘ఫ్రం అండర్ ద టేబుల్’ అన్నప్పుడు ఇవే మూడు అంశాలు సరిగ్గా తలకిందుల క్రమంలో వస్తాయి.

ముగింపు

‘లో’, ‘కి’ రెండూ సూరి పట్టికలో షష్ఠికి చెందినవే. అయినా వాటి కలయిక అయిన ‘లోకి’ సంబంధాన్ని కాక గమ్యాన్ని బోధిస్తుంది. ద్రావిడ భాషలలో విభక్తుల సంఖ్యను ఏడుకో ఎనిమిదికో పరిమితం చేయడం సహజం కాదని 1856లో కాల్డ్‌వెల్ గ్రహించడానికి ఇటువంటి నిర్మాణాలే ఆధారం. అందువల్ల ‘కు’ను షష్ఠి అనో ‘టు’ అనో నిర్ణయించే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి: అది ఏ అంగంపై చేరింది, దానికి ముందు మరొక ప్రత్యయం ఉందా, వాక్యంలోని క్రియ దేనిని కోరుతున్నది. విభక్తి పేరు ఆ తరువాతి మాట.