భయం పీక్‌కి వెళ్లిన రోజే మార్కెట్ బాటమా? 2008 విక్స్ చార్ట్ చెప్పే కథ

ఫ్రెండ్స్, ఈ మాట మీరు వినే ఉంటారు: "విక్స్ 80కి వెళ్లిందంటే కళ్లు మూసుకుని కొనెయ్, అదే బాటమ్." ఇవాళ ఆ మాటని 2008 చార్ట్ మీద పెట్టి చూద్దాం.

ముందు విక్స్ సంగతి. అమెరికాలో ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ మీద ఆప్షన్లు ట్రేడ్ అవుతాయి. మార్కెట్ పడితే నష్టం నుంచి కాపాడే ఆప్షన్ అంటే ఒక రకంగా ఇన్సూరెన్సే. భయం పెరిగితే దాని ధర పెరుగుతుంది. ఆ ధరల్ని బట్టి, రాబోయే 30 రోజుల్లో ఇండెక్స్ ఎంత ఊగుతుందని జనం అనుకుంటున్నారో చెప్పేదే విక్స్. 80 అంటే మార్కెట్ 80 శాతం పడుతుందని కాదు. అది ఏడాది లెక్క. 16తో భాగించండి, రోజుకి సుమారు 5 శాతం వస్తుంది, పైకైనా కిందికైనా.

ఇప్పుడు కథ. 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. నవంబర్ 20న విక్స్ దాదాపు 81 దగ్గర క్లోజ్ అయింది, ఆ సంక్షోభంలో అదే అతి పెద్ద క్లోజింగ్. ఆ రోజు ఇండెక్స్ 752. అప్పుడు కొన్నవాడు జనవరి 6కి రాజు, ఇండెక్స్ 934! కానీ అసలు బాటమ్ 2009 మార్చి 9న వచ్చింది, 676 దగ్గర. అంటే నవంబర్ ధర కంటే ఇంకో 10 శాతం కింద. మరి ఆ రోజు విక్స్ ఎంత? 50 కూడా లేదు.

ధర కొత్త లోకి వెళ్తుంటే భయం ఎందుకు తగ్గింది? నవంబర్‌లో ఏ బ్యాంకు మునుగుతుందో తెలియని గందరగోళం, రోజూ పెద్ద పెద్ద ఊపులు. మార్చికి పతనం ఆగలేదు గానీ ఊపులు చిన్నవయ్యాయి. విక్స్ కొలిచేది ఊపుని, లోతుని కాదు. స్పీడోమీటర్ చూసి ఊరు ఇంకెంత దూరమో చెప్పలేం కదా.

"సరే బ్రో, ధర కొత్త లో, విక్స్ మాత్రం పాత పీక్ కంటే తక్కువ. అప్పుడు కొంటే?" అంటారు. మంచి ప్రశ్నే. కానీ ఆ సిగ్నల్ ఫిబ్రవరి 23నే వచ్చేసింది. ఇండెక్స్ 743 దగ్గర క్లోజ్ అయి నవంబర్ లో ని దాటింది, విక్స్ 50 పైచిలుకు. ఆ తర్వాత రెండు వారాల్లో ఇంకో 9 శాతం పోయింది.

2020 కోవిడ్‌లో గ్యాప్ చాలా తక్కువ. అమెరికాలో విక్స్ పీక్ మార్చి 16న, ఇండెక్స్ బాటమ్ 23న, వారమే తేడా. మన నిఫ్టీ అయితే వరస తిరగేసింది. క్లోజింగ్ లో మార్చి 23న 7610 దగ్గర వస్తే, ఇండియా విక్స్ మర్నాడు 83 దాటి క్లోజ్ అయింది.